జీడిపప్పు గ్రేడింగ్ మోడల్: డ్రాపౌట్ ఆన్‌లో పెట్టి 30 సార్లు నడిపినా దానికి అనుమానమే రావట్లేదు

సంతోష్_పలాస

అందరికీ నమస్కారం. నేను బీటెక్ ఫైనలియర్. పలాసలో మా మావయ్యకి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. ప్రాజెక్టు కోసం అక్కడి పప్పుని ఫొటో చూసి వేరుచేసే మోడల్ చేస్తున్నాను. నల్ల బెల్టు మీద పప్పు కదులుతుంటే పైనుంచి కెమెరా తీస్తుంది. గుండు, బద్ద, ముక్క అని మూడే తరగతులు. ఇమేజ్‌నెట్ వెయిట్లున్న MobileNetV2 తీసుకుని మా ఫొటోలతో ట్యూన్ చేశాను. ట్రైనింగ్‌లో వాడకుండా పక్కన పెట్టిన 1200 ఫొటోల్లో 48 తప్పు చెప్పింది. అంతవరకు సంతోషమే.

మొన్న బెల్టు మీదకి పిక్క పెంకు ముక్క ఒకటి వచ్చింది. మోడల్ దాన్ని "గుండు" అంది, అదీ 0.99తో. మావయ్య నవ్వేసి, "తెలీకపోతే తెలీదని చెప్పడం కూడా రాదా దీనికి?" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

డ్రాపౌట్ అంటే నెట్‌వర్క్ లోపలి అంకెల్లో కొన్నింటిని యాదృచ్ఛికంగా చెరపడం కదా. పరీక్షించేటప్పుడు కూడా దాన్ని ఆపకుండా అదే ఫొటోని 30 సార్లు పంపితే, జవాబులు ఎంత చెదిరితే మోడల్‌కి అంత అనుమానం ఉన్నట్టు అని చదివి అదే చేశాను. మొదటిసారి 30 జవాబులూ చివరి దశాంశం దాకా ఒకటే వచ్చాయి. `model.eval()` డ్రాపౌట్‌ని ఆపేస్తుందని అప్పుడు తెలిసింది. దాన్ని తీసేసి `model.train()` పెట్టాను. ఈసారి మంచి గుండు పప్పుని కూడా ముక్క అంటోంది. పోనీ అని మళ్లీ `eval()` పెట్టి మామూలుగా నడిపితే, నిన్నటిదాకా సరిగ్గా చెప్పిన ఫొటోలకి కూడా తప్పు చెబుతోంది! ఏం పాడుచేశానో అర్థం కావట్లేదు. టెన్షన్‌గా ఉంది, వచ్చే వారం రివ్యూ.

చీపురుపల్లి_కిరణ్

ఓవర్‌ఫిట్ అయింది బ్రో. డ్రాపౌట్ 0.5 చెయ్యి, ఫొటోలు తిప్పి, పక్కకి వంచి డేటా పెంచు, ఇంకో పది ఈపాక్‌లు నడుపు. నాకు టొమాటో ఆకుల ప్రాజెక్టులో అలానే సెట్ అయింది.

సంతోష్_పలాస

ఓవర్‌ఫిట్ గొడవ కాదు అన్నా. కొత్త ఫొటోల మీద కూడా 96 శాతం వస్తోంది. నా బాధ మిగిలిన 4 శాతం గురించి, ఆ పెంకు గురించి. తప్పు చెప్పేటప్పుడైనా కాస్త తడబడాలి కదా, తడబడట్లేదు.

గరివిడి_మాస్టారు

బాబూ సంతోష్, మా పిల్లలు కూడా ఇక్కడే తడబడుతుంటారు. `model.train()` పెట్టడం సరైనదే. `torch.no_grad()` లోపల నడిపావా? అలా నడిపితే వెయిట్లు మారవు కాబట్టి మోడల్ పాడయ్యే ప్రసక్తే లేదు. ఇక 30 సార్లు చాలవు, 100 చెయ్యి. ఎన్ని ఎక్కువ సార్లు నడిపితే అనుమానం అంత బాగా బయటపడుతుంది. అసలు డ్రాపౌట్ అంటేనే లోపల వేలకొద్దీ చిన్న నెట్‌వర్కుల ఎన్సెంబుల్. కనుక వేరే ఎన్సెంబుల్ జోలికి పోనక్కర్లేదు.

భార్గవి_రాజాం

మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. డ్రాపౌట్‌ని చిన్న నెట్‌వర్కుల గుంపుగా చూడొచ్చు, అందులో తప్పులేదు. కానీ `no_grad` ఉంటే మోడల్ పాడవదన్నది నిజం కాదు. సంతోష్ మోడల్ నిజంగానే పాడైంది.

MobileNetV2 నిండా బ్యాచ్‌నార్మ్ లేయర్లే. ట్రైనింగ్‌లో అవి వచ్చిన ఫొటోల సగటు, వేరియన్స్ లెక్కగట్టి `running_mean`, `running_var`లలో దాచుకుంటాయి. పరీక్షలో ఆ దాచుకున్న అంకెలనే వాడాలి. `model.train()` అనగానే డ్రాపౌట్‌తో పాటు ఇవీ ట్రైనింగ్ మోడ్‌లోకి వెళ్లిపోతాయి. దాంతో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఎదురుగా ఉన్న ఆ ఒక్క ఫొటో సగటుతోనే లెక్క చేస్తాయి. గుండు పప్పు ముక్క అయిపోయింది ఇందువల్లే. రెండు, దాచుకున్న అంకెలను కూడా తిరగరాస్తాయి. అవి గ్రేడియంట్‌తో మారే వెయిట్లు కావు, ఫొటో లోపలికి వెళ్లిన ప్రతిసారీ మారతాయి. `no_grad` వాటిని కాపాడదు.

ఎంత మారతాయో చూడండి. పైటార్చ్‌లో మామూలుగా ఉండే మొమెంటం 0.1. అంటే ఒక్కో సారికి పాతది 90 శాతం ఉంచి, కొత్తది 10 శాతం కలుపుతుంది. ఒకే ఫొటోని 30 సార్లు పంపితే పాతది మిగిలేది 0.9 ని 30 సార్లు గుణించినంత, అంటే దాదాపు 0.04. వేల ఫొటోలతో కూడబెట్టుకున్న సగటులో 96 శాతం పోయి, ఆ ఒక్క పప్పు ఫొటో సగటు కూర్చుంది. తర్వాత `eval()` పెట్టినా అది ఆ కళ్లద్దాలతోనే చూస్తుంది.

తమ్ముడూ, సేవ్ చేసిన ఫైల్ ఉందిగా? దాన్ని మళ్లీ లోడ్ చేసుకో. పాడైన దాని మీద సేవ్ మాత్రం కొట్టకు. ఆ తర్వాత అంతా `eval`లో పెట్టి, డ్రాపౌట్ లేయర్లను మాత్రమే లేపు:

```python
model.eval()
for m in model.modules():
    if isinstance(m, torch.nn.Dropout):
        m.train()
```

సరిగ్గా లేచిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. ఒకే ఫొటోని రెండుసార్లు పంపు, జవాబులు వేరుగా రావాలి. తర్వాత మళ్లీ పూర్తిగా `eval()` పెట్టి ఆ 1200 నడుపు, తప్పులు మళ్లీ 48 దగ్గరే ఆగాలి. రెండూ జరిగితేనే ముందుకెళ్లు.

గరివిడి_మాస్టారు

బ్యాచ్‌నార్మ్ సంగతి నా దృష్టికి రాలేదమ్మా. మా ల్యాబ్‌లో పాత VGG తరహా నెట్‌వర్క్ వాడతాం, అందులో అది లేదు. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు కాబోలు.

సంతోష్_పలాస

అక్కా, చాలా థాంక్స్. ఫైల్ లోడ్ చేస్తే 48 తప్పులు మళ్లీ 48కే వచ్చాయి. డ్రాపౌట్ కూడా లేచింది, రెండు జవాబులూ వేరుగా ఉన్నాయి.

కానీ ఎంత వేరో చూడండి. పెంకు ముక్కకి 30 జవాబులూ 0.98కీ 0.99కీ మధ్యే తిరుగుతున్నాయి. మాస్టారు చెప్పారని 200 సార్లు కూడా నడిపాను. చెదురు ఏమీ పెరగలేదు. పెంకు విషయంలో అది ఎంత ధైర్యంగా ఉందో, మంచి గుండు విషయంలోనూ అంతే ధైర్యంగా ఉంది.

భార్గవి_రాజాం

ఎన్నిసార్లు నడిపినా చెదురు పెరగదు. చెదురు ఎంతో మరింత కచ్చితంగా తెలుస్తుంది, అంతే. కాటాలో అదే బస్తాని పదిసార్లు తూచినంత మాత్రాన బస్తా బరువెక్కదు కదా.

అసలు డ్రాపౌట్ ఎక్కడుందో చూశావా? `print(model.classifier)` కొట్టు. టార్చ్‌విజన్ MobileNetV2లో డ్రాపౌట్ ఉన్నది ఒకే ఒక్క చోట, చిట్టచివరి లీనియర్ లేయర్‌కి ముందు, 0.2తో. అంతకు ముందున్న కన్వల్యూషన్లన్నీ 30 సార్లూ ఒకేలా నడుస్తాయి. అవి పెంకుని చూసి 1280 అంకెలు తయారుచేస్తాయి. "ఇది లేత రంగు, వంపు ఉంది, గుండులా ఉంది" అని ఆ అంకెల్లోనే రాసేసి ఉంటుంది. డ్రాపౌట్ ఆ తీర్పు అయిపోయాక వచ్చి, 1280లో ఐదో వంతు చెరిపి మళ్లీ కూడుతుంది. అంత పెద్ద కూడికలో ఐదో వంతు పోతే ఏమవుతుందో చేత్తో లెక్క వేద్దాం.

లెక్క తేలికవడానికి, సంభావ్యతగా మార్చకముందు వచ్చే అంకెల్లో, అంటే లాజిట్లలో, గుండుకీ బద్దకీ మధ్య తేడా 6 అనుకో. అది 1280 సమాన భాగాల నుంచి వచ్చిందనుకో. ఒక్కో భాగం 0.0047. డ్రాపౌట్ p అయితే ఆ కూడిక వేరియన్స్, p/(1-p) ని భాగాల వర్గాల మొత్తంతో గుణించినంత. ఇక్కడ p/(1-p) అంటే 0.25. వర్గాల మొత్తం 0.028. రెండూ గుణించి వర్గమూలం తీస్తే 0.084. అంటే 6 అన్నది 5.92కీ 6.08కీ మధ్య ఊగుతుంది. దాన్ని సంభావ్యతలోకి మారిస్తే 0.9973 నుంచి 0.9977. నీ మోడల్ ఇంతకంటే ఎక్కువ ఎలా తడబడుతుంది? నిజానికి భాగాలు సమానంగా ఉండవు, కొన్ని రుణంగా ఉంటాయి, కాబట్టి కొంచెం ఎక్కువే ఊగుతుంది. నీకు 0.98, 0.99 రావడం అందుకే. కానీ కథ అదే.

గరివిడి_మాస్టారు

అలాగైతే 2016లో గాల్, ఘహ్రమానీ రాసిన పేపర్ సంగతేమిటి? డ్రాపౌట్ బేజియన్ లెక్కకి దగ్గరి రూపం అని వాళ్లు గణితంతో చూపించారు. ఆ ప్రకారం వచ్చే అంకెకి అర్థం ఉండాలి కదా.

భార్గవి_రాజాం

ఉంది మాస్టారూ, అయితే షరతులున్నాయి. వాళ్లు చూపింది ప్రతి వెయిట్ లేయర్‌కీ ముందు డ్రాపౌట్ పెట్టి, అలాగే ట్రైన్ చేసిన నెట్‌వర్క్ గురించి. మనం వాడేదాంట్లో ఆఖరి గుమ్మం దగ్గర ఒక్కటి పెట్టి, ఇల్లంతా కాపలా కాస్తోందంటున్నాం.

నాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పైన రాసిన సూత్రంలో p ఉంది, వెయిట్లు ఉన్నాయి, ఫీచర్లు ఉన్నాయి. ఎన్ని ఫొటోలతో నేర్చుకుందన్నది నేరుగా ఎక్కడా లేదు. వంద ఫొటోలు చూసిన మోడల్‌కి ఎక్కువ అనుమానం, లక్ష చూసిన దానికి తక్కువ ఉండాలి. కానీ p మనం చేత్తో పెట్టిన అంకె. 0.2 బదులు 0.5 పెడితే ఆ 0.25 కాస్తా 1 అవుతుంది, చెదురు రెట్టింపవుతుంది. మోడల్‌కి తెలిసింది పెరగలేదు, తగ్గలేదు. 2016లోనే ఓస్బాండ్ ఈ అభ్యంతరం లేవనెత్తాడు. p ని కూడా డేటా నుంచే నేర్పే పద్ధతులు తర్వాత వచ్చాయి. ఆచరణలో వాడేవాళ్లలో ఎక్కువమంది మాత్రం 0.2తోనో 0.5తోనో కూర్చుంటారు.

వంశధార

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది నీళ్ల గొడవ. ఒడిశా వైపు పడ్డ వానని బట్టి మర్నాడు గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార మట్టం ఎంతుంటుందో చెప్పే LSTM ఒకటి సరదాగా చేశాను. డ్రాపౌట్ ఆన్ చేసి 100 సార్లు నడిపి, మధ్యలో 90 శాతం జవాబులు పడే పట్టీ గీశాను. అసలు మట్టం వందకి తొంభై రోజులు ఆ పట్టీలో ఉండాలి కదా. సగం రోజులు బయటే ఉంటోంది. నాదీ ఆఖరి లేయర్ జబ్బేనా?

భార్గవి_రాజాం

మీది వేరే జబ్బండి. డ్రాపౌట్ చెప్పేది మోడల్‌కి తన వెయిట్ల మీద ఉన్న అనుమానం మాత్రమే. అంతా సరిగ్గా నేర్చుకున్నా, అదే వానకి ఒకరోజు ఒక మట్టం, ఇంకోరోజు ఇంకో మట్టం వస్తుంది. ఆ ఊగిసలాట మీ పట్టీలో అసలు లేదు. నెట్‌వర్క్ చేత ఒక్క అంకె కాకుండా సగటు, వేరియన్స్ రెండూ చెప్పించి, గాసియన్ లాగ్ లైక్‌లీహుడ్‌తో ట్రైన్ చేయండి. 100 సార్లు నడిపాక, చెప్పిన వేరియన్స్‌ల సగటుకి, చెప్పిన సగటుల వేరియన్స్‌ని కలపండి. పట్టీ వెడల్పవుతుంది. అయినా 2018 తిత్లీ తుఫాను లాంటి రోజు ట్రైనింగ్‌లో లేకపోతే ఆ రోజు ఏ పట్టీనీ నమ్మకండి. మిగతాది వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

కాశీబుగ్గ_నాయుడు

నాకు మీ లెక్కలు పూర్తిగా తెలీవు గానీ, ముప్పై ఏళ్లుగా పప్పు చూస్తున్నా. ఏటి బాబూ సంతోష్, మూడే తరగతులా? గుండులోనే 180, 210, 240, 320 అని ఉంటాయి కదా. పౌనుకి ఎన్ని తూగుతాయన్నది బట్టే ధర. సరే, అది తర్వాత చూద్దాం.

నాకు కావలసింది ఒక్కటే. మిషన్‌కి అనుమానం వచ్చిన పప్పు పక్క ట్రేలో పడాలి, టేబుల్ దగ్గర కూర్చున్న ఆడవాళ్లు దాన్ని చూస్తారు. వందలో పది వస్తే చూడగలరు. నలభై వస్తే మిషన్ ఎందుకు? పదిలోపు పంపించి, లోపల మిగిలిన తప్పులెన్నో చెప్పండి. అనుమానం 0.03 అంటే నాకేం తెలుస్తాది?

భార్గవి_రాజాం

నాయుడుగారూ, ఇన్ని పోస్టుల్లో సరైన ప్రశ్న మీదేనండి. అనుమానం అంకె మంచిదో కాదో తేలేది అక్కడే.

సంతోష్, ఆ 1200 ఫొటోల్ని అనుమానం ఎక్కువ నుంచి తక్కువకి పేర్చు. మొదటి 120 టేబుల్‌కి పంపినట్టు లెక్క. 48 తప్పుల్లో ఎన్ని ఆ 120లో పడ్డాయో చూడు. కళ్లు మూసుకుని 120 ఏరినా ఐదు దాకా పడతాయి, కనుక ఐదు పడితే నీ పద్ధతి వృథా. మొదట మామూలు సాఫ్ట్‌మ్యాక్స్ ఇచ్చే సంభావ్యతల్లో పెద్ద అంకెతో, తర్వాత డ్రాపౌట్‌తో, ఆ తర్వాత ఎన్సెంబుల్‌తో చేసి పక్కపక్కన పెట్టు.

ఎన్సెంబుల్ అంటే పెద్ద విద్యేమీ కాదు. 2017లో లక్ష్మీనారాయణన్, ప్రిట్జెల్, బ్లండెల్ చేసింది ఇదే. ఒకే నెట్‌వర్క్‌ని ఐదుసార్లు వేర్వేరు యాదృచ్ఛిక వెయిట్లతో మొదలుపెట్టి, డేటా వరుస మార్చి మొదటి నుంచి ట్రైన్ చేసి, సంభావ్యతల సగటు తీయడం. డేటాని ముక్కలు చేసి పంచనక్కర్లేదు, ఐదింటికీ మొత్తం ఫొటోలు చూపించు. సగటు తీసేది సాఫ్ట్‌మ్యాక్స్ తర్వాత, లాజిట్లది కాదు.

డ్రాపౌట్ కంటే ఇది ఎందుకు మెరుగో 2019లో ఫోర్ట్, హు, లక్ష్మీనారాయణన్ పరిశీలించారు. డ్రాపౌట్‌తో వచ్చే చిన్న నెట్‌వర్కులన్నీ ఒకే లోయలో అటూ ఇటూ తిరుగుతాయి. విడివిడిగా ట్రైన్ చేసినవి వేర్వేరు లోయల్లో దిగుతాయి. తెలిసిన పప్పు మీద అందరూ ఒకే మాట చెబుతారు, తెలియని దాని మీద ఒక్కొక్కరు ఒక్కో మాట.

మరో సంగతి. సగటు ఒక్కటే చూడకు, రెండు రకాల అనుమానాలు ఉంటాయి. అంచు విరిగిన పప్పు ఒకటి తీసుకో. ఐదు మోడళ్లూ "గుండు 0.55, బద్ద 0.45" అన్నాయి. సగటు 0.55. జవాబు ఎంత తేలకుండా ఉందో చెప్పే ఎంట్రపీ 0.69. ఇప్పుడు పెంకు ముక్క. ఐదూ గుండుకి ఇచ్చినవి 0.97, 0.95, 0.96, 0.04, 0.03 అనుకో. సగటు 0.59, ఎంట్రపీ 0.68. పైపైన చూస్తే రెండూ ఒకటే. కానీ ఒక్కో మోడల్ ఎంట్రపీ విడిగా తీసి సగటు చెయ్యి. మొదటి దానికి 0.69 వస్తుంది, రెండో దానికి 0.16. తీసివేస్తే మొదటిది సున్నా, రెండోది 0.52. మొదటి పప్పు విషయంలో మోడళ్లకి గొడవ లేదు, పప్పే అటూ ఇటూ కాకుండా ఉంది. ఇంకా పదివేల ఫొటోలు తెచ్చినా అది తేలదు. రెండోదాని మీద గొడవపడుతున్నాయి, అంటే అలాంటిది చూడలేదు. అలాంటివాటికి ఫొటోలు తెస్తే పని జరుగుతుంది.

నాయుడుగారి టేబుల్‌కి రెండూ పంపాలి, కనుక ట్రేకి మొత్తం ఎంట్రపీ చాలు. ఏ ఫొటోలు కొత్తగా సేకరించాలో తేల్చడానికి ఆ తేడా చూడు.

చీపురుపల్లి_కిరణ్

ఎన్సెంబుల్ అన్నారు కాబట్టి నా పరువు నేనే తీసుకుంటా. కిందటేడు మేం ఐదు మోడళ్లు చేశాం. ఐదూ అన్ని ఫొటోలకీ ఒకే జవాబు. "మా మోడల్‌కి అనుమానం సున్నా" అని స్లైడ్‌లో పెట్టాం కూడా. తర్వాత చూస్తే స్క్రిప్ట్ మొదటి లైన్లో `torch.manual_seed(42)` ఉంది. ఐదుసార్లూ అదే స్క్రిప్ట్ నడిపాం. ఒకే మోడల్‌ని ఐదుసార్లు చేసి, ఐదు ఫైళ్లకి ఐదు పేర్లు పెట్టామన్నమాట. ఎగ్జామినర్ గారు పట్టుకోలేదు, దేవుడు చల్లగా చూశాడు.

సంతోష్_పలాస

కిరణన్నా, నీ పోస్ట్ చూసి పరుగెత్తి నా స్క్రిప్ట్ చూశా. నాదీ 42నే! ఇప్పుడు 1 నుంచి 5 దాకా మార్చి ఐదు రాత్రులు ట్రైన్ చేశాను. చివరి లేయర్ ఒక్కటే కాదు, అన్ని లేయర్లూ కదిలేలా వదిలాను. నాయుడుగారు అడిగినట్టే లెక్క చెబుతా.

120 టేబుల్‌కి పంపితే, మామూలు సాఫ్ట్‌మ్యాక్స్‌తో 48 తప్పుల్లో 26 ట్రేలో పడ్డాయి, లోపల 22 మిగిలాయి. చివర్లో డ్రాపౌట్‌తో కూడా అవే 26. వరుసే దాదాపు మారలేదు, 30 రెట్లు తిప్పడం దండగ అయింది. ఐదు మోడళ్ల సగటుకి అసలు తప్పులే 41కి తగ్గాయి, అందులో 30 ట్రేలో పడ్డాయి, లోపల 11 మిగిలాయి.

తర్వాత యూనిట్‌లో ఏరి 60 పెంకు ముక్కలు, పెరట్లోంచి 40 తెల్ల గులకరాళ్లు ఫొటో తీశాను. మంచి పప్పులో పది శాతం ట్రేకి వెళ్లే దగ్గరే గీత ఉంచి వీటిని పంపాను. పెంకుల్లో డ్రాపౌట్ 6 పట్టింది, ఎన్సెంబుల్ 47 పట్టింది. నేను గంతులేశా. కానీ గులకరాళ్లలో ఎన్సెంబుల్ పట్టింది 9 మాత్రమే. మిగతా 31 రాళ్లనీ ఐదు మోడళ్లూ ఏకగ్రీవంగా "ముక్క" అన్నాయి. కొన్నింటికి 0.97 కూడా ఇచ్చాయి.

కాశీబుగ్గ_నాయుడు

పప్పులో రాయి వెళ్తే కస్టమర్ పన్ను పోతాది బాబూ. పెంకు పట్టినందుకు సంతోషం, రాయి వదిలినందుకు భయం.

భార్గవి_రాజాం

ఎన్సెంబుల్ పరిమితి ఇదే, బాగా చూపించావు. విడివిడిగా పెరిగినా ఐదూ చూసిన ఫొటోలు ఒకటే. ఆ ఫొటోల్లో నల్ల బెల్టు మీద చిన్నగా, తెల్లగా కనిపించినదల్లా ముక్కే. కాబట్టి "చిన్నది, తెల్లనిది అయితే ముక్క" అన్న అడ్డదారిని ఐదూ నేర్చుకున్నాయి. గొడవపడటానికి వాటికి కారణమే లేదు. పైగా ఐదూ ఒకే ఇమేజ్‌నెట్ వెయిట్ల నుంచి బయలుదేరాయి, అన్నదమ్ముల్లాంటివి. వీలైతే రెండింటిని తీసేసి ResNet18, EfficientNet-B0 పెట్టి చూడు. కొంత మెరుగవ్వొచ్చు, కానీ రాళ్ల మీద పెద్ద ఆశ పెట్టుకోకు.

గరివిడి_మాస్టారు

అలాంటప్పుడు "ఇతరం" అని నాలుగో తరగతి పెట్టి రాళ్లు, పెంకులు, దారప్పోగులు అందులో వేస్తే పోదా? ఈ అనుమానాల లెక్కంతా ఎందుకు?

భార్గవి_రాజాం

పెట్టాలి మాస్టారూ, ఇది పూర్తిగా ఒప్పుకుంటున్నా. ముందే తెలిసిన చెత్తకి తరగతి పెట్టడమే చవక. నాకు నచ్చనిది ఒక్కటే, రేపు గోనెసంచి పీచు వస్తే, పైన ట్యూబ్‌లైట్ మారి పప్పు పసుపుగా కనిపిస్తే ఆ నాలుగో తరగతి దాన్ని గుర్తిస్తుందన్న హామీ లేదు. 2019లో ఓవాడియా, మరికొందరు ఫొటోల్ని కావాలని మెల్లమెల్లగా పాడుచేస్తూ ఈ పద్ధతులన్నీ పోల్చారు. పాడయ్యేకొద్దీ అన్నీ దిగజారాయి, మొత్తం మీద తక్కువ దిగజారినవి ఎన్సెంబుళ్లు. సంతోష్, అదే చేసి చూడు. లైటు సగం చేసి ఆ 120 లెక్క మళ్లీ తియ్యి.

సంతోష్_పలాస

చేస్తా అక్కా. ఇంకో గుండెదడ ఉంది. యూనిట్‌లో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై. ఒక మోడల్‌కి ఫొటోకి 120 మిల్లీ సెకన్లు పడుతోంది. ఐదు మోడళ్లు అంటే 600. సెకనుకి ఎనిమిది పప్పులు చూసేది ఒకటిన్నరకి పడిపోతుంది. మధ్య లేయర్లలో కూడా డ్రాపౌట్ పెట్టి, మళ్లీ ట్రైన్ చేసి నడిపితే చవకవుతుందా?

భార్గవి_రాజాం

ఇంకా ఖరీదవుతుంది. చివర్లో మాత్రమే ఉంటే కన్వల్యూషన్లు ఒక్కసారి నడిపి, లీనియర్ లేయర్ ఒక్కదాన్నే 30 సార్లు తిప్పొచ్చు, అది దాదాపు ఉచితం. మధ్యలో పెడితే మొత్తం నెట్‌వర్క్ 30 సార్లు నడవాలి, మూడున్నర సెకన్లు. ఐదు మోడళ్లే నయం.

గరివిడి_మాస్టారు

మొదట ఒక మోడల్‌ని అడిగి, అది 0.99 దాటి చెబితే వదిలేసి, తడబడిన వాటికే మిగతా నాలుగింటినీ పిలవచ్చు కదా?

భార్గవి_రాజాం

అలా చేస్తే మొదటి రోజు వచ్చిన పెంకు మళ్లీ జారిపోతుంది మాస్టారూ. దానికి ఆ ఒక్క మోడలే కదా 0.99 ఇచ్చింది! తడబడని తప్పు కోసమే మిగతా నలుగురిని పెట్టుకున్నాం. మూడు మోడళ్లతో సర్దుకోవడం, ఐదింటి సగటుని ఒక చిన్న మోడల్‌కి నేర్పడం లాంటివి ఉన్నాయి. ఆ రెండోదాంట్లో అనుమానం ఎంతవరకు బతుకుతుందో మన డేటా మీద చూడకుండా నేను మాట ఇవ్వలేను.

గరివిడి_మాస్టారు

నేను ఇప్పటికీ నా పద్ధతే ఆచరణలో సరిపోతుందనుకుంటున్నా, నాలుగో తరగతి పెట్టాక మొదటి మోడల్ పెంకుకి 0.99 ఇవ్వదు కదా. సంతోష్, రెండూ కొలిచి పెట్టు, చూద్దాం.

సంతోష్_పలాస

కొలుస్తా మాస్టారూ. ముందు మూడు మోడళ్లతో 120 లెక్క, తర్వాత లైటు తగ్గించి ఇంకోసారి, ఆఖర్న నాలుగో తరగతితో మీ పద్ధతి. రివ్యూ అయ్యాక ఇక్కడే పెడతా. రాళ్ల ఫొటోలు 40 చాలవు, ఎక్కడైనా దొరుకుతాయా?

కాశీబుగ్గ_నాయుడు

మా యూనిట్‌కి రా బాబూ. పిక్కల బస్తాల్లో వచ్చిన రాళ్లు, పీచు, మేకులు ఓ డబ్బాడు ఏరి పెట్టాం. ఆదివారం మాత్రం రాకు, కరెంటు ఉండదు.